నీళ్లు 98 దగ్గర, పాకం 116 దగ్గర: మరుగు లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది?



ప్లస్ టూ కెమిస్ట్రీలో ‘ద్రావణాలు’ పాఠం చదివే ప్రతి విద్యార్థీ ఒక లెక్క చేస్తారు. కిలో నీళ్లలో 342 గ్రాముల చక్కెర కరిగిస్తే ఆ ద్రావణం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది? పుస్తకం ప్రకారం జవాబు 100.52 డిగ్రీల సెల్సియస్. అయితే తనకల్లులోనో, కదిరిలోనో, హిందూపురంలోనో అదే ద్రావణాన్ని పొయ్యి మీద పెట్టి థర్మామీటర్ ముంచితే 98.5కు కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది. చక్కెర వేస్తే మరుగు స్థానం పెరగాలని పాఠం చెబుతోంది. ఇక్కడ చూస్తే నూరు కంటే తగ్గింది. పుస్తకం తప్పా, థర్మామీటర్ తప్పా అని పిల్లలు అడుగుతారు.

రెండూ తప్పు కాదు. ఈ చిక్కు విడిపోవాలంటే సూత్రం బట్టీ పట్టడం చాలదు, సూత్రం వెనక ఏముందో తెలియాలి. అది తెలిస్తే మన వంటింటి అరిసెల పాకం, బెల్లం బాణలిలోని పాకం కూడా ఇదే పాఠంలోకి వస్తాయి. ఈ నెల పాఠం దాని గురించే.

మరగడం అంటే ఏమిటి?

గిన్నెలో నీళ్లు పోసి మూత పెడితే, పైనున్న నీటి అణువుల్లో కొన్ని ఆవిరిగా లేస్తుంటాయి, కొన్ని తిరిగి నీటిలోకి వస్తుంటాయి. లేచేవీ వచ్చేవీ సమానమయ్యాక ఆ ఆవిరి చూపే పీడనమే బాష్పపీడనం. వేడి పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. బాష్పపీడనం పెరిగి పెరిగి బయటి గాలి పీడనంతో సమానమైన క్షణంలో నీటి లోపలే ఆవిరి బుడగలు పుట్టి నిలబడగలుగుతాయి. దాన్నే మనం మరగడం అంటాం.

కాబట్టి మరుగు స్థానాన్ని తేల్చేవి రెండు. ఒకటి ద్రవం బాష్పపీడనం, రెండోది బయటి గాలి పీడనం. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అక్కడ నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి పీడనం సుమారు 706 మిల్లీమీటర్లే. అందువల్ల ఒట్టి నీళ్లే 98 డిగ్రీల దగ్గర మరిగిపోతాయి. మదనపల్లె దాటి హార్స్‌లీ హిల్స్ మీదికి వెళ్తే 1,260 మీటర్ల పైచిలుకు ఎత్తులో నీళ్లు 96 దగ్గరే మరుగుతాయి.

పుస్తకంలోని 100 అనే అంకె సముద్రమట్టానిది. పాఠం చెప్పే పెరుగుదలను ఆ నూరుకు కాదు, మన ఊళ్లో ఒట్టి నీళ్లు మరిగే అంకెకు కలపాలి. మొదటి చిక్కు సగం ఇక్కడే విడిపోయింది.

చక్కెర వేస్తే ఆవిరి ఎందుకు తగ్గుతుంది?

చక్కెర ఆవిరిగా లేవదు. అలాంటి పదార్థాన్ని పుస్తకం అబాష్పశీల ద్రావితం అంటుంది. అది కలిసిన నీటిపై ఉండే ఆవిరి అంతా నీటి ఆవిరే. కానీ అదే ఉష్ణోగ్రత దగ్గర ఒట్టి నీటి మీద ఉన్నంత ఆవిరి ఇక్కడ ఉండదు.

దీనికి పిల్లలు తరచుగా రాసే కారణం ఒకటుంది: ‘చక్కెర అణువులు పై పొరలో చోటు ఆక్రమించి నీటి అణువులకు అడ్డుపడతాయి’. వినడానికి బాగానే ఉంటుంది, ఒక అడుగు ముందుకు ఆలోచిస్తే నిలవదు. తలుపు దగ్గర మనిషి అడ్డంగా నిలబడితే బయటికి పోయేవారికే కాదు, లోపలికి వచ్చేవారికీ అడ్డమే. లేవడమూ తిరిగి రావడమూ ఒకే మేరకు తగ్గితే సమానమయ్యే పీడనం మారకూడదు. కానీ మారుతోంది.

అసలు కారణం కలగలుపులో ఉంది. ఒట్టి నీటిలో ఉన్నవన్నీ ఒకే రకం అణువులు. వాటిలో చక్కెర కలిస్తే ఏ అణువు ఎక్కడ ఉండొచ్చు అనే అమరికల సంఖ్య చాలా పెరుగుతుంది. అలా కలగలిసిన స్థితిని వదిలి ఆవిరిలోకి వెళ్లే మొగ్గు నీటికి తగ్గుతుంది. ఆవిరి వైపు మాత్రం ఏమీ మారలేదు, అక్కడున్నది మునుపటిలాగే ఒట్టి నీరు. ఒకవైపే మారింది గనుక సమతూకం తక్కువ పీడనం దగ్గర కుదురుతుంది.

ఎంత తగ్గుతుందో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రాంస్వా మారీ రౌల్ట్ 1880లలో కొలిచి చెప్పారు. మొత్తం అణువుల్లో ద్రావితం వంతు ఎంతో, బాష్పపీడనం అంత వంతు తగ్గుతుంది. ఆ వంతునే మోల్ భాగం అంటారు. సూత్రంగా రాస్తే:

P = x₁ × P°

ఇక్కడ P° ఒట్టి నీటి బాష్పపీడనం, x₁ ద్రావణంలో నీటి మోల్ భాగం, P ద్రావణం బాష్పపీడనం. ఎంత గాఢతలోనైనా ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే ద్రావణాన్ని ఆదర్శ ద్రావణం అంటారు. అందులో చక్కెర నీటిని ప్రత్యేకంగా లాగి పట్టుకోదు. నీటికి నీరు ఎంతో, నీటికి చక్కెరా అంతే. పీడనం తగ్గడానికి అణువుల లెక్క ఒక్కటే కారణం. ఈ మాట గుర్తుంచుకోండి, పాకం దగ్గర దీనితో పని పడుతుంది.

ఒక లెక్క, మొదటి నుంచి చివరి దాకా

మొదట అనుకున్న ద్రావణాన్నే తీసుకుందాం. కిలో నీళ్లు, 342 గ్రాముల చక్కెర. చక్కెర అణుభారం 342 కాబట్టి అది సరిగ్గా 1 మోల్. నీటి అణుభారం 18 కాబట్టి కిలో నీళ్లలో 1000 ÷ 18 = 55.5 మోల్‌లు. మొత్తం 56.5. అందులో చక్కెర వంతు 1 ÷ 56.5 = 0.0177, అంటే వందకు రెండు కూడా లేదు.

ముందు సముద్రమట్టం దగ్గర చూద్దాం. 100 డిగ్రీల దగ్గర ఒట్టి నీటి బాష్పపీడనం 760. అందులో 0.0177 వంతు తగ్గితే సుమారు 13.5 మిల్లీమీటర్లు తగ్గినట్టు. ద్రావణం బాష్పపీడనం ఇప్పుడు 746.5 మాత్రమే. బయటి గాలి 760తో నొక్కుతోంది. అందుకే నూరు డిగ్రీలు వచ్చినా ఇది మరగదు.

ఆ 13.5 లోటు పూడాలంటే ఇంకా వేడి చేయాలి. ఎంత? నూరు డిగ్రీల దగ్గర నీటి బాష్పపీడనం డిగ్రీకి సుమారు 27 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. 13.5ను 27తో భాగిస్తే అర డిగ్రీ. అంటే ద్రావణం సుమారు 100.5 దగ్గర మరుగుతుంది.

పుస్తకంలోని సూత్రం చెప్పేది కూడా ఇదే:

ΔTb = Kb × m

m అంటే మొలాలిటీ, కిలో ద్రావణిలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉందో ఆ సంఖ్య. నీటికి Kb విలువ 0.52. పిల్లలకు ఇది ఎక్కడి నుంచో ఊడిపడిన అంకెలా అనిపిస్తుంది. ‘పీడనం ఎంత తగ్గింది, ఆ లోటు పూడటానికి ఎన్ని డిగ్రీలు కావాలి’ అని మనం ఇప్పుడు వేసిన రెండడుగుల లెక్కే ఆ అంకెలో ముడుచుకుని ఉంది. బాష్పపీడనం తగ్గడం, మరుగు స్థానం పెరగడం రెండు వేర్వేరు విషయాలు కావు. మొదటిది కారణం, రెండోది ఫలితం.

ఇప్పుడు ఇదే లెక్క హిందూపురంలో. ఒట్టి నీళ్లు మరిగేది 97.9 దగ్గర, గాలి పీడనం 706. ద్రావణంలో తగ్గే పీడనం 706 × 0.0177 = 12.5 మిల్లీమీటర్లు. ఆ వేడి దగ్గర పీడనం డిగ్రీకి సుమారు 25 చొప్పున పెరుగుతుంది. 12.5 ÷ 25 అంటే మళ్లీ అర డిగ్రీయే. 97.9కి అర డిగ్రీ కలిపితే 98.4. థర్మామీటర్ చూపినది ఇదే. పుస్తకం చెప్పిన పెరుగుదల అలాగే ఉంది, మొదలుపెట్టిన మెట్టు మాత్రం కిందికి జరిగింది.

ఉప్పు విషయంలో ఒక జాగ్రత్త. నీటిలో కరిగిన ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. లెక్కకు వచ్చేది కణాల సంఖ్య కాబట్టి 1 మోల్ ఉప్పు దాదాపు 2 మోల్‌ల పని చేస్తుంది. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు వేస్తే మరుగు స్థానం పెరిగేది 0.17 లేదా 0.18 డిగ్రీ మాత్రమే. ఉప్పు ముందే వేస్తే నీళ్లు ఎక్కువ వేడెక్కి పప్పు త్వరగా ఉడుకుతుందని ఎవరైనా అంటే, ఆ వేడి లెక్క డిగ్రీలో ఐదో వంతు కూడా లేదని మీ అబ్బాయో అమ్మాయో చూపించగలగాలి.

పాకం దగ్గర లెక్క ఎందుకు తప్పుతుంది?

అర డిగ్రీ అంటే కంటికి ఆనని తేడా. అదే నియమం పెద్దగా కనిపించే చోటు బెల్లం బాణలి. చెరకు రసంలో బరువుకు ఐదో వంతు అటూ ఇటూగా చక్కెర ఉంటుంది. అది ఒట్టి నీటి కంటే అర డిగ్రీ కూడా ఎక్కువ కాకుండానే మరగడం మొదలుపెడుతుంది. నీరు ఆవిరై పోతుంటే చక్కెర వంతు పెరుగుతుంది, దాంతో మరుగు స్థానమూ పెరుగుతూ పోతుంది. ఒట్టి నీళ్లు ఎంతసేపు మరిగినా ఒకే డిగ్రీ దగ్గర నిలిచి ఉంటాయి. ద్రావణం అలా నిలవదు. బెల్లం దించే సమయానికి పాకం వేడి సముద్రమట్టం లెక్కలో సుమారు 118 డిగ్రీలు. మన పీఠభూమి మీద అదే చిక్కదనం 116 దగ్గరే వస్తుంది. ఎక్కడో తీరప్రాంతంలో కొలిచిన 118ని పట్టుకుని ఇక్కడ అంతదాకా కాస్తే పాకం ముదిరిపోతుంది, రంగు నల్లబడుతుంది.

అరిసెల పాకంలో చుక్కను నీళ్ల పళ్లెంలో వేసి ఉండ కట్టి చూసేదీ ఇందుకే. ఉండ పాకం సముద్రమట్టం లెక్కలో 112 నుంచి 116 డిగ్రీల మధ్య వస్తుంది. వేడి ఎంతో తెలిస్తే నీరు ఎంత మిగిలిందో తెలుస్తుంది. థర్మామీటర్ లేని అమ్మమ్మలు ఆ మిగిలిన నీటినే వేలితో నొక్కి కొలిచారు. ఈ కొలతకు ఊరి ఎత్తుతో పని లేదు కాబట్టి అది అనకాపల్లిలోనూ తనకల్లులోనూ ఒకేలా పనిచేస్తుంది.

ఇప్పుడు మన నియమాన్ని ఈ పాకానికి పెట్టి చూద్దాం. బరువులో 80 శాతం చక్కెర, 20 శాతం నీరు ఉన్న పాకం అనుకోండి. 100 గ్రాముల్లో చక్కెర 80 ÷ 342 = 0.234 మోల్, నీరు 20 ÷ 18 = 1.11 మోల్‌లు. నీటి మోల్ భాగం 1.11 ÷ 1.344 = 0.826. ఆదర్శ ద్రావణం అయితే మరుగు స్థానం సుమారు 5.5 డిగ్రీలు పెరగాలి. నిజంగా కొలిస్తే పెరిగేది పది డిగ్రీలు, ఆ పైన. లెక్క సగం దగ్గరే ఆగిపోయింది.

తేడా ఎక్కడిది? కిలో నీళ్లలో ఒక మోల్ చక్కెర ఉన్నప్పుడు ఒక్కో చక్కెర అణువుకు 55 నీటి అణువులు ఉన్నాయి. 80 శాతం పాకంలో ఒక్కోదానికి ఐదు కూడా లేవు. చక్కెర అణువులో నీటిని హైడ్రోజన్ బంధంతో పట్టుకోగల హైడ్రాక్సిల్ గుంపులు ఎనిమిది. నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు ఆ పట్టు లెక్కను పెద్దగా మార్చదు. నీరు తక్కువైనప్పుడు మాత్రం ఉన్న నీటిలో చాలా భాగం చక్కెరకే అంటుకుని, స్వేచ్ఛగా లేవగలిగే నీరు ఇంకా తగ్గిపోతుంది. నీటికి నీరు ఎంతో చక్కెరా అంతే అన్న ఆదర్శ షరతు ఇక్కడ చెల్లదు.

కాబట్టి పిల్లలు రాసే ఆ రెండో కారణం, ‘చక్కెర నీటిని లాగి పట్టుకుంటుంది’ అన్నది, పూర్తిగా తప్పు కాదు, చోటు తప్పింది. పలుచని ద్రావణంలో బాష్పపీడనం తగ్గడానికి కారణం కలగలుపు, అంటే అణువుల లెక్క. చిక్కటి పాకంలో ఆ లెక్కకు మించి వచ్చే అదనపు తగ్గుదలకు కారణం ఆ పట్టు. ఆదర్శ నియమం ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగుతుందో ఈ రెండు వాక్యాలు చాలు.

బెల్లం చేసేవారికి ఇంకో చిక్కు ఉంది. చెరకు నరికాక రోజుల తరబడి నిలవుంటే అందులోని చక్కెర అణువు ఒక్కోటి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న అణువులుగా విడిపోతూ ఉంటుంది. బరువు దాదాపు అంతే, కణాలు మాత్రం రెట్టింపు. అందువల్ల అంతే నీరు మిగిలి ఉన్నా పాకం మరికాస్త ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. థర్మామీటర్ పాకం వచ్చేసిందని చెబుతుంది, లోపల నీరు ఇంకా ఉంటుంది. పైగా ఆ చిన్న చక్కెరలు సులువుగా గడ్డకట్టవు, బెల్లం మెత్తగా జిగురుగా ఉండిపోతుంది. తాజా చెరకును వెంటనే ఆడాలని రైతులు పట్టుపట్టడంలో ఈ రసాయనమూ ఉంది.

ఇంట్లో చేసి చూడాలంటే

కావలసినవి 200 డిగ్రీల దాకా చూపే వంటింటి డిజిటల్ థర్మామీటర్, వంటింటి తూకం, చక్కెర, నీళ్లు. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు. మరిగే పాకం చర్మానికి అంటుకుని నీళ్ల కంటే లోతుగా కాలుస్తుంది కాబట్టి గిన్నె దగ్గర పెద్దవాళ్లే ఉండాలి, పిల్లలు అంకెలు రాసుకోవాలి.

1. ముందు ఒట్టి నీళ్లు బాగా మరిగించి అంకె రాసుకోండి. మీ ఊరి మెట్టు అదే. థర్మామీటర్ ఒక డిగ్రీ తప్పు చూపినా నష్టం లేదు. మనకు కావలసింది తేడా, రెండు కొలతల్లోనూ అదే తప్పు ఉంటే తేడాలో అది పోతుంది.

2. ఖాళీ గిన్నె బరువు రాసుకుని, 250 గ్రాముల నీళ్లలో 250 గ్రాముల చక్కెర కరిగించి మరిగించండి. మరగడం మొదలవగానే అంకె రాయండి. ఆదర్శ లెక్క ప్రకారం పెరుగుదల సుమారు 1.5 డిగ్రీ, నిజంగా వచ్చేది 2కు దగ్గర. హిందూపురం ఎత్తులో సగానికి సగం చక్కెర ఉన్న ఈ పాకం కూడా నూరు దాటకుండానే మరుగుతుందని గమనించండి.

3. మరగనిస్తూ మధ్యమధ్యలో గిన్నె దించి తూచండి. గిన్నె బరువు పోగా 357 గ్రాములు మిగిలితే చక్కెర 70 శాతం, 313 మిగిలితే 80 శాతం. ఆయా చోట్ల తిరిగి మరిగించి అంకెలు రాయండి. ఆదర్శ లెక్కలో పెరుగుదల వరుసగా 3.3, 5.5 డిగ్రీలు రావాలి. మీ అంకెలు వాటిని ఎంత దాటాయో పక్కన రాయండి.

ఇందులో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. థర్మామీటర్ కొన గిన్నె అడుగుకు తగిలితే లోహం వేడి చూపిస్తుంది, అంకె ఉన్నట్టుండి ఎగబాకుతుంది. కొన ద్రావణంలో కాక పైన ఆవిరిలో ఉంటే, ఆవిరి దాని మీద ఒట్టి నీటి చెమ్మగా పేరుకుంటుంది. అప్పుడు అది ద్రావణం మరుగు స్థానం కాక, ఒట్టి నీటి మరుగు స్థానం చుట్టూనే అంకె చూపిస్తుంది. పాకం ఎంత చిక్కబడినా అంకె కదలకపోతే కారణం ఇదేనని అనుమానించండి. కొన ద్రవం మధ్యలో, అడుగుకు తగలకుండా ఉండాలి.

ఈ పాఠం అర్థమైందా అని తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు

మీకు కెమిస్ట్రీ రాకపోయినా ఇవి అడగవచ్చు. జవాబులు పక్కనే ఉన్నాయి.

• ‘అదే ద్రావణం హార్స్‌లీ హిల్స్ మీద ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది?’ జవాబు: అక్కడ ఒట్టి నీళ్లు మరిగే 96కు దగ్గరి అంకెకు సుమారు అర డిగ్రీ కలపాలి. నూరుకు కలిపితే పాఠం ఇంకా అందలేదు.

• ‘లెక్కలో లీటరు ద్రావణం కాకుండా కిలో నీళ్లు ఎందుకు తీసుకున్నారు?’ జవాబు: వేడి చేస్తే ద్రవం వ్యాకోచించి లీటరు లెక్క మారుతుంది, బరువు మారదు. మరుగు లెక్కలో మొలారిటీ కాక మొలాలిటీ వాడటానికి కారణం ఇదే.

• ‘చక్కెర బదులు సారాయి ద్రవం కలిపితే మరుగు స్థానం పెరుగుతుందా?’ జవాబు: పెరగదు, తగ్గుతుంది. ఇథైల్ ఆల్కహాల్ తానే 78 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరిలోకి లేస్తుంది. నీటి వంతు తగ్గినా దాని ఆవిరి తోడై మొత్తం పీడనం పెరుగుతుంది. ‘అబాష్పశీల’ అన్న మాట నిర్వచనంలో ఉన్నది ఇందుకే, పరీక్షలో దాన్ని వదిలేసి రాస్తే నిర్వచనం తప్పవుతుంది.